మాత్ర మానేసిందా, మాత్ర కోసం ఆగిందా? ఒక నర్సు ఉత్తరంలో జెరండ్, ఇన్ఫినిటివ్

విదేశాల్లో నర్సులుగా చేరబోయేవారికి ఇంగ్లిష్ నేర్పడం నా వృత్తి. వీరిలో చాలామంది రాసే పరీక్ష ఓఈటీ, అంటే ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్. అందులో రాత విభాగానికి 45 నిమిషాలు ఇస్తారు. మొదటి 5 నిమిషాలు రోగి కేసు నోట్సు చదవడానికి, మిగిలిన 40 నిమిషాలు ఉత్తరం రాయడానికి. రోగిని ఎవరికి పంపుతున్నామో ఆ డాక్టరుకో, ఇంటికి వెళ్ళి చూసే నర్సుకో 180 నుంచి 200 పదాలలో ఉత్తరం రాయాలి. నోట్సులో పూర్తి వాక్యాలు ఉండవు. మందు పేరు, మోతాదు, ‘ఆగింది’, ‘వికారం’, ‘రెండు వారాలు’ అన్నట్టు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలను వాక్యాలుగా కూర్చేది అభ్యర్థే. క్రియ తర్వాత జెరండ్ అనే ఇంగ్ రూపం పెట్టాలా, ఇన్ఫినిటివ్ అనే టు రూపం పెట్టాలా అన్న ప్రశ్న సరిగ్గా అక్కడే ఎదురవుతుంది, ఎందుకంటే నోట్సులో ఆ రెండూ ఉండవు.

ఇక్కడ చెప్పబోయే కేసు ఒక మెడికల్ వార్డు నర్సుది. అనుభవం ఉన్న మనిషి. మందుల పేర్లు, రోగ లక్షణాలు ఇంగ్లిష్‌లో తడుముకోకుండా చెప్పగలదు. కాలాలు చక్కగా వాడుతుంది, స్పెల్లింగులో తప్పులుండవు. అయినా ఆమె ఉత్తరాలు చదివితే రోగి పరిస్థితి ఒక్కోచోట తారుమారుగా అర్థమయ్యేది. అలాంటి ఒక ఉత్తరాన్ని ఇద్దరం కూర్చుని వాక్యం వాక్యంగా విప్పాం.

అభ్యాసం కోసం నేను తయారుచేసి ఇచ్చిన నోట్సులో రోగి 68 ఏళ్ళ స్త్రీ. ఒంటరిగా ఉంటుంది. షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండు పూటలా రాసి ఉంది. వికారం వల్ల రెండు వారాలుగా వేసుకోవడం లేదు. సాయంత్రం వేసుకోవలసిన బీపీ మాత్ర తరచు మరచిపోతుంది. మునుపు పార్కులో నడక అంటే ఇష్టం, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వచ్చి మధ్యలో కూర్చుంటుంది. చీలమండల దగ్గర వాపు ఉంది. రాత్రి రెండు దిండ్ల మీద పడుకుంది, ఉపశమనం లేదు. కూతురు తన దగ్గర ఉండాలని కోరిక.

ఆమె రాసిన ఉత్తరంలో ఈ విషయానికి సంబంధించిన వాక్యాలివి:

“షీ స్టాప్డ్ టు టేక్ మెట్‌ఫార్మిన్ టూ వీక్స్ అగో.”
“షీ ఆఫెన్ ఫర్గెట్స్ టేకింగ్ హర్ ఈవెనింగ్ టాబ్లెట్.”
“షీ యూజ్డ్ టు ఎంజాయ్ టు వాక్ ఇన్ ద పార్క్, బట్ నౌ షీ స్టాప్స్ ఫర్ టేకింగ్ రెస్ట్ ఆన్ ద స్టెయిర్స్.”
“షీ ట్రైడ్ టు స్లీప్ విత్ టూ పిలోస్, బట్ నో రిలీఫ్.”
“షీ వాంట్స్ దట్ హర్ డాటర్ షుడ్ స్టే విత్ హర్.”
“ఐ సజెస్టెడ్ హర్ టు టేక్ మెట్‌ఫార్మిన్ ఆఫ్టర్ ఫుడ్.”
“ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ.”

ఈ తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టలేం. ఎంజాయ్ తర్వాత టు పెడితే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతే. అర్థం చెడదు. స్టాప్, ఫర్గెట్, ట్రై అలా కాదు. ‘స్టాప్డ్ టు టేక్’ వ్యాకరణం ప్రకారం పూర్తిగా సరైన ప్రయోగమే, కాకపోతే అది వేరే సంగతి చెబుతుంది. ‘ట్రైడ్ టు స్లీప్’ కూడా అంతే. చదివే డాక్టరుకు అందులో తప్పు కనిపించదు, తప్పు సమాచారం మాత్రం అందుతుంది. అందుకే దిద్దడం వీటితోనే మొదలుపెట్టాను.

తప్పు ఎక్కడ పుడుతోందో తెలుసుకోవాలని ఆమె నోటుపుస్తకం చూశాను. రెండు వరుసలు గీసుకుంది. ఒక వరుసలో ఇంగ్ తీసుకునే క్రియలు, రెండోదానిలో టు తీసుకునేవి. స్టాప్, రిమెంబర్, ఫర్గెట్, ట్రై కింద మాత్రం అడ్డంగా గీత గీసి ‘రెండూ వస్తాయి’ అని రాసుకుంది. మన దగ్గర చేతులు మారే నోట్సుల్లో ఈ మాట తరచు కనిపిస్తుంది. మాట నిజమే. కానీ రెండూ వస్తాయని చదివినవాళ్ళు ఏది రాసినా ఒకటేనని అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంది. స్టాప్ తర్వాత ఏది పెట్టినా సరిపోతుందన్న ధైర్యంతో చెవికి ముందుగా తోచినది రాసేది.

స్టాప్ వాక్యం దగ్గర ఆమెను ఇంగ్లిష్ పక్కన పెట్టమన్నాను. “రోగి ఏం చేసిందో తెలుగులో చెప్పమ్మా” అన్నాను.

“వికారంగా ఉంటోందని మాత్ర మానేసింది సార్.”

“మరి ‘మాత్ర వేసుకోవడానికి ఆగింది’ అంటే?”

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, “ఎక్కడికో వెళుతూ మధ్యలో ఆగి మాత్ర వేసుకుందని” అంది. తన వాక్యం చెబుతున్నది ఈ రెండోదేనని చెప్పాక ఇక వివరించవలసింది పెద్దగా మిగల్లేదు.

తెలుగులో ఆపడం వేరు, ఆగడం వేరు. దేన్నో ఆపుతాం, మనం ఆగుతాం. ఇంగ్లిష్‌లో ఈ రెండింటికీ స్టాప్ ఒక్కటే. ఆ తేడాను క్రియ చూపించలేదు కాబట్టి దాని వెనక వచ్చే రూపం చూపిస్తుంది. ఇంగ్ రూపం వస్తే అది ఆపిన పని: ‘స్టాప్డ్ టేకింగ్ మెట్‌ఫార్మిన్’ అంటే వేసుకోవడం ఆపింది. టు వస్తే మనిషి ఆగింది, ఆ తర్వాత చెప్పేది ఆగడానికి కారణం: ‘స్టాప్స్ టు రెస్ట్’ అంటే విశ్రాంతి కోసం ఆగుతుంది. వాక్యం రాసేముందు ‘దేన్ని ఆపింది?’ అని అడిగితే జవాబు వస్తోందా, ‘ఎందుకు ఆగింది?’ అని అడిగితే వస్తోందా చూసుకోవాలి. మొదటిదైతే ఇంగ్, రెండోదైతే టు.

నర్సుల ఉత్తరాల్లో ఈ రెండూ కావాలి. ఆయాసం ఉన్న రోగి గురించి రాసేటప్పుడు ‘హ్యాజ్ టు స్టాప్ టు క్యాచ్ హర్ బ్రెత్’ అన్న ప్రయోగం ఎంతో పనికొస్తుంది. ఎన్ని మెట్లెక్కాక ఆగవలసి వస్తోందో డాక్టరుకు ముఖ్యం. అక్కడ ‘స్టాప్డ్ క్లైంబింగ్ ద స్టెయిర్స్’ అని రాస్తే మెట్లెక్కడమే మానేసిందని అర్థం. అదీ రోగి పరిస్థితే, కానీ వేరే పరిస్థితి. ఆమె రాసిన ‘స్టాప్స్ ఫర్ టేకింగ్ రెస్ట్’ తెలుగు ‘కోసం’ నుంచి నేరుగా దిగింది. ఒక పని చేయడానికి ఆగామని చెప్పేటప్పుడు ఇంగ్లిష్‌లో ఫర్ పెట్టి ఇంగ్ రాయరు. టు ఒక్కటే చాలు.

రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి చిక్కు పెరిగింది. స్టాప్ విషయంలో తెలుగు మనకు సాయం చేస్తుంది. ఫర్గెట్, రిమెంబర్ దగ్గర అదే తెలుగు మోసం చేస్తుంది. ‘సాయంత్రం మాత్ర వేసుకోవడం మరచిపోతుంది’ అంటాం. ‘వేసుకోవడం’ వినగానే చెయ్యి టేకింగ్ రాస్తుంది. ‘ఆపింది’ ముందు ‘వేసుకోవడం’ ఉన్నప్పుడు టేకింగ్ సరిపోయింది కదా, ఇక్కడ ఎందుకు సరిపోదని ఆమె అడిగింది. సరైన ప్రశ్న. ‘డం’ ఉన్నచోటల్లా ఇంగ్ పెట్టేయవచ్చని అంతకుముందు ఎవరో ఆమెకు చెప్పారట. ఆ సూత్రం ఎంజాయ్, స్టాప్, అవాయిడ్ దగ్గర నిలుస్తుంది, ఫర్గెట్ దగ్గర కూలిపోతుంది. తెలుగులో ‘డం’ పని పేరు మాత్రమే చెబుతుంది. ఆ పని జరిగిందో లేదో చెప్పదు. ఫర్గెట్, రిమెంబర్‌ల దగ్గర ఇంగ్లిష్‌కు కావలసింది అదే.

ఈ రెండు క్రియల దగ్గర అడగవలసిన ప్రశ్న కాలానికి సంబంధించింది: పని ముందు జరిగిందా, గుర్తు ముందు వచ్చిందా? మాత్ర వేసుకుంది, ఆ సంగతి తర్వాత గుర్తుంది. అంటే పని ముందు, గుర్తు తర్వాత. అది ‘రిమెంబర్స్ టేకింగ్’. అలా కాక ముందు గుర్తొచ్చింది, అప్పుడు వేసుకుంది అనుకోండి. అది ‘రిమెంబర్డ్ టు టేక్’. తెలుగులో దీన్ని పరీక్షించే దారి సులువు. ‘డం’ తీసేసి ‘వేసుకున్నట్టు గుర్తుంది’ అని మార్చి చూడాలి. అది నప్పితే ఇంగ్. ‘మరచిపోకుండా వేసుకుంది’ అన్నది నప్పితే టు. మన రోగి మాత్ర వేసుకోనే లేదు. జరగవలసిన పని జరగలేదు. అందువల్ల ‘షీ ఆఫెన్ ఫర్గెట్స్ టు టేక్ హర్ ఈవెనింగ్ టాబ్లెట్’.

తలకిందులైతే ఏమవుతుందో కూడా చూపించాను. వయసు మీరిన రోగులు ఒక్కోసారి మాత్ర వేసుకుని, ఆ సంగతి మరచిపోయి మళ్ళీ వేసుకుంటారు. వేసుకోవడం మరచిపోయిన రోగికి మందు తక్కువైంది. వేసుకున్న సంగతి మరచిపోయిన రోగికి మందు రెట్టింపైంది. తెలుగులో రెండింటికీ ‘మరచిపోయింది’ అనే అంటాం, ముందున్న మాటే తేడా చెబుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రెండో సంగతి చెప్పడానికి ‘షీ ఫర్గాట్ టేకింగ్ ఇట్’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు సాధారణంగా అలా అనరు. ఫర్గెట్ తర్వాత ఇంగ్ ఎక్కువగా ‘ఐ విల్ నెవర్ ఫర్గెట్ సీయింగ్’ వంటి చోట్ల, ఎన్నటికీ మరువలేనని చెప్పేటప్పుడే వినిపిస్తుంది. ఉత్తరంలో ‘షీ ఫర్గాట్ దట్ షీ హ్యాడ్ ఆల్రెడీ టేకెన్ ఇట్’ అని విడమరచి రాస్తే ఎవరికీ సందేహం రాదు. మందు మోతాదు గురించి రాసేటప్పుడు నేను ఎప్పుడూ దీన్నే రాయమంటాను. నాలుగు పదాలు ఎక్కువైనా ఫరవాలేదు.

రిమెంబర్ తేడా రాతలో కంటే మాటలో ఎక్కువ తగులుతుంది. ఓఈటీ మాట్లాడే విభాగంలో అభ్యర్థి నర్సుగా, ఎదుటివారు రోగిగా సంభాషణ నడుస్తుంది. నేను రోగిగా కూర్చున్నాను. ఆమె అడిగింది: “డు యూ రిమెంబర్ టు టేక్ యువర్ టాబ్లెట్ దిస్ మార్నింగ్?” ఆమె అడగదలచుకున్నది ఈ ఉదయం మాత్ర వేసుకున్నట్టు గుర్తుందా అని. టు పెట్టేసరికి ప్రశ్న ‘మరచిపోకుండా వేసుకుంటూ ఉంటారా’ అనే వైపు జారింది, చివర ‘దిస్ మార్నింగ్’ దానికి అతకలేదు. నేను రోగిగా “యెస్, యూజువల్లీ” అని జవాబిచ్చాను. ఆమె ముఖంలో అయోమయం కనిపించింది, ఎందుకంటే తను అడిగింది అది కాదు. అదే ప్రశ్న ‘డు యూ రిమెంబర్ టేకింగ్’ అని అడగమన్నాను. ఈసారి “ఐయామ్ నాట్ ష్యూర్” అన్నాను. అప్పుడు ఆమె తనంతట తానే మాత్రల పెట్టె చూసి లెక్కపెడదామంది. రోగిని సరైన ప్రశ్న అడిగితేనే ఆ తర్వాతి పని మొదలవుతుంది.

దిండ్ల వాక్యం నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది. ఆయాసం, చీలమండల వాపు ఉన్న మనిషి తల ఎత్తులో పెట్టుకుని పడుకున్నా ఉపశమనం లేదంటే డాక్టరు గుండె గురించి ఆలోచిస్తాడు. ‘షీ ట్రైడ్ టు స్లీప్ విత్ టూ పిలోస్’ చదివినవాడికి ఆమెకు నిద్ర పట్టలేదన్న భావం కలుగుతుంది. ట్రై తర్వాత టు వస్తే పని కష్టమైంది, చాలాసార్లు కుదరలేదు. నోట్సు చెప్పేది అది కాదు. రెండు దిండ్ల మీద పడుకోగలిగింది, పడుకుంది, కానీ దానివల్ల మేలు కలగలేదు. అలా ఒక ఉపాయాన్ని చేసి చూసినప్పుడు ట్రై తర్వాత ఇంగ్ వస్తుంది: ‘షీ ట్రైడ్ స్లీపింగ్ ఆన్ టూ పిలోస్, విత్ నో రిలీఫ్’.

దీన్ని గుర్తుపట్టడానికి తెలుగు నిజంగా గొప్ప సాధనం ఇస్తుంది. ‘పడుకుని చూసింది’, ‘ఇచ్చి చూశాం’, ‘మార్చి చూడండి’ అంటాం కదా. ఈ ‘చూడు’ వాక్యంలోకి సహజంగా వస్తే ట్రై తర్వాత ఇంగ్. ‘లేవబోయింది, లేవలేకపోయింది’ అన్నట్టు ఉంటే టు. ఆమెకు వార్డు నుంచే ఉదాహరణలు చెప్పమన్నాను. ‘మంచం తలవైపు ఎత్తి చూశాం’ అంది, అది ట్రైడ్ రైజింగ్. ‘పైపు పెట్టబోయాం, రోగి పెట్టనివ్వలేదు’ అంది, అది ట్రైడ్ టు. తెలుగులో ఏ ‘ప్రయత్నం’ అన్న మాటా లేకుండానే రెండూ తేటగా విడిపోయాయి. ప్రయత్నించు అన్న మాట ద్వారా వెళితే ఈ తేడా కనబడదు, ఎందుకంటే ‘చేయడానికి ప్రయత్నించింది’ ఎప్పుడూ టు వైపే లాగుతుంది. అందుకే మా తరగతిలో ట్రైకి అర్థం ప్రయత్నించడం అని ఒక్కమాటలో చెప్పను.

ఆ రోజు అనుకోకుండా మరో జంట కూడా దొరికింది. వార్డులో రోజూ వచ్చే మాటలే: ‘వేసుకోలేదంటోంది’, ‘వేసుకోనంటోంది’. మొదటిది జరిగిపోయిన దాన్ని కాదనడం, రెండోది జరగబోయేదాన్ని కాదనడం. ఇంగ్లిష్‌లో ఇక్కడ క్రియలే వేరు: ‘డినైస్ టేకింగ్’, ‘రిఫ్యూజెస్ టు టేక్’. వెనక్కి చూసేదానికి ఇంగ్, ముందుకు చూసేదానికి టు వచ్చాయి. పాత ఇంగ్లిష్‌లో ఈ టు ‘వైపు’ అనే అర్థమున్న విభక్తి మాటే. ఒక పని వైపు మొగ్గడాన్ని అది ఇప్పటికీ చూపుతోంది. వాంట్, ప్లాన్, అగ్రీ, రిఫ్యూజ్ అన్నీ ఇంకా జరగని పని వైపు చూసే క్రియలు, అందుకే వాటి వెనక టు ఉంటుంది. ఎంజాయ్ అలా కాదు. పని జరుగుతూ ఉంటేనే ఆనందం ఉంటుంది కాబట్టి ‘ఎంజాయ్డ్ వాకింగ్’. నడక అంటే ఇష్టమని నోట్సులో ఉంటే లైక్ వాడవచ్చు, దాని తర్వాత రెండు రూపాలూ దాదాపు ఒకే అర్థంతో వస్తాయి. ‘వుడ్ లైక్’ తర్వాత మాత్రం టు తప్పదు, అది కోరిక కదా.

వాంట్ వాక్యంలో ఆమె తప్పు వేరే చోట ఉంది. ‘కూతురు తన దగ్గర ఉండాలని కోరుకుంటోంది’ అన్నదాన్ని తెలుగు నడకలోనే ‘వాంట్స్ దట్’ అని తెచ్చింది. వాంట్ తర్వాత దట్ రాదు. కోరుకునేది ఒకరు, చేయవలసింది మరొకరైతే ఆ మరొకరిని మధ్యలో నిలబెట్టి టు రాయాలి: ‘షీ వాంట్స్ హర్ డాటర్ టు స్టే విత్ హర్’. దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. నోటితో నాలుగుసార్లు వేర్వేరు మనుషులను పెట్టి పలికితే పట్టుబడుతుంది.

సజెస్ట్ దగ్గర నేను చెప్పిన కాలం ప్రశ్న పనిచేయదు, ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాను. సలహా ఇచ్చేది ఇంకా జరగని పని గురించే. ముందుకు చూసే అర్థమే. అయినా సజెస్ట్ తర్వాత ఇంగ్ వస్తుంది, టు రాదు. అవాయిడ్, కన్సిడర్, పోస్ట్‌పోన్ కూడా ఇంతే. అటువైపు నుంచి మేనేజ్ తీసుకుంటే పని జరిగిపోయినా వెనక టు వస్తుంది. ఒకే రూపం తీసుకునే క్రియలకు అర్థంతో కొంత దూరమే వెళ్ళగలం, ఆ పైన గుర్తుంచుకోవలసిందే. అయితే ఉత్తరాల్లో అవసరమయ్యేవి కొన్నే కాబట్టి అది భారం కాదు. సజెస్ట్‌తో ఇంకో ఇబ్బంది, దాని వెనక మనిషిని పెట్టి టు రాయలేకపోవడం. ‘సజెస్టెడ్ హర్ టు టేక్’ మన దేశంలో ఎంత వాడుకలో ఉన్నా పరీక్షకుడు దాన్ని తప్పుగానే చూస్తాడు. రోగికి చెప్పామని రాయాలంటే అడ్వైజ్ వాడడం మేలు: ‘ఐ అడ్వైజ్డ్ హర్ టు టేక్ మెట్‌ఫార్మిన్ విత్ ఫుడ్’. ఆహారంతో పాటు వేసుకుంటే మెట్‌ఫార్మిన్ వల్ల కలిగే వికారం తగ్గే అవకాశముంది కాబట్టి నర్సు ఇచ్చే సలహా కూడా సహేతుకమే. ఉత్తరం అందుకునే డాక్టరును ఏదైనా చేయమని అడగాలంటే సజెస్ట్ కంటే ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్’ మర్యాదగా ఉంటుంది.

చివరి వాక్యంలోని టు మాత్రం ఇన్ఫినిటివ్ టు కాదు. లుక్ ఫార్వర్డ్ టు అన్నదానిలో టు విభక్తి, దాని వెనక నామవాచకం రావాలి. అక్కడ క్రియ పెట్టవలసి వస్తే దాన్ని ఇంగ్ రూపంలో నామవాచకంగా మార్చాలి: ‘లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’. పరీక్ష చాలా సులువు. టు తర్వాత ‘ఇట్’ అని పెట్టి చూడాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదురుతుంది, అంటే ఇంగ్ రావాలి. ‘వాంట్ టు ఇట్’ కుదరదు, అంటే మామూలు క్రియ రావాలి. ఒంటరిగా ఉండే రోగుల ఉత్తరాల్లో ఇదే పరీక్ష మరోచోట కాపాడుతుంది. ‘షీ యూజ్డ్ టు లివ్ అలోన్’ అంటే మునుపు ఒంటరిగా ఉండేది, ఇప్పుడు లేదు. ‘షీ ఈజ్ యూజ్డ్ టు లివింగ్ అలోన్’ అంటే ఇప్పుడూ ఒంటరిగానే ఉంది, అలవాటైంది. డిశ్చార్జ్ తర్వాత ఇంట్లో తోడెవరైనా ఉన్నారా అని చూసే నర్సుకు ఈ రెండింటిలో ఏది నిజమో తెలియకపోతే ఏర్పాట్లు దారితప్పుతాయి. తెలుగులో ‘ఉండేది’, ‘ఉండడం అలవాటే’ అని వేసుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఆ తర్వాత ఆమె పాత నోటుపుస్తకంలోని రెండు వరుసలను అలాగే ఉంచి, ‘రెండూ వస్తాయి’ అన్న భాగాన్ని తిరగరాసింది. ప్రతి క్రియ ఎదుటా రెండు తెలుగు వాక్యాలు, వాటి పక్కన రెండు ఇంగ్లిష్ వాక్యాలు, అన్నీ తన వార్డులో జరిగినవే. స్టాప్ ఎదుట ‘మానేసింది, ఆగింది’. రిమెంబర్ ఎదుట ‘వేసుకున్నట్టు గుర్తుంది, మరచిపోకుండా వేసుకుంది’. ట్రై ఎదుట ‘ఇచ్చి చూశాం, ఇవ్వబోయాం’. పరీక్ష గదిలో పుస్తకం ఉండదు కాబట్టి ఇంకో పద్ధతి కూడా పెట్టుకుంది. నోట్సు చదివే 5 నిమిషాల్లో ఏ ముక్కలోనైనా ఆపడం, మరవడం, గుర్తు, ప్రయత్నం వంటివి కనబడితే పని జరిగిందా లేదా అని మనసులో తేల్చుకుని, రాయడం మొదలుపెట్టాక ఆ వాక్యం దగ్గర ఒక్కసారి ఆగి చూసుకుంటుంది. అన్ని వాక్యాల దగ్గరా ఆగితే సమయం చాలదు. ఈ నాలుగైదు క్రియల దగ్గర ఆగితే చాలు.

మరో రోగి నోట్సు ఇచ్చి రాయించినప్పుడు స్టాప్, ఫర్గెట్, ట్రై మూడూ సరిగ్గా పడ్డాయి. ‘స్టార్టింగ్ హీలింగ్’ అని ఒకచోట రాసింది. స్టార్ట్ తర్వాత రెండు రూపాలూ ఒకే అర్థంతో వస్తాయి కానీ స్టార్టే ఇంగ్‌లో ఉన్నప్పుడు దాని వెనక ఇంకో ఇంగ్ పెట్టరు, ‘ద వూండ్ ఈజ్ స్టార్టింగ్ టు హీల్’ అంటారు. అది నేను అంతకుముందు చెప్పని విషయం, అప్పుడు చెప్పాను. సజెస్ట్ మాత్రం రాతలో మాయమైనా మాటలో ఇంకా దొర్లుతోంది. రోగితో మాట్లాడే వేగంలో ‘ఐ సజెస్ట్ యూ టు’ నోటికి వచ్చేస్తుంది. దానికి మేము ఎంచుకున్న మార్గం ఆ క్రియను రోగి ముందు వాడకుండా ఉండడం. ‘ఇట్ వుడ్ హెల్ప్ టు టేక్ ఇట్ విత్ ఫుడ్’ అని అలవాటు చేసుకుంటోంది. రోగికి సులువుగా అర్థమవుతుంది, సలహాలో ఆజ్ఞ ధ్వని కూడా ఉండదు.